కాలరేఖ తాడు నడక

నేల మీద పొడవుగా పరిచిన తాడును కాలంగా ఎంచి, ఇంత పొడవుకు ఇన్నేళ్లని కొలత కట్టి, పిల్లల చేత చరిత్ర సంఘటనల చీటీలను దాని మీద పెట్టించి, ఆ తర్వాత తాడు వెంట నడిపించే బోధన పద్ధతిని కాలరేఖ తాడు నడక అంటారు. సంఘటనల వరుస తెలియడం ఇందులో మొదటి మెట్టు మాత్రమే. రెండు సంఘటనల మధ్య ఎంత కాలం గడిచిందో కాళ్లకు తెలియడం దీని అసలు పని. పాఠ్యపుస్తకంలో రెండు వేల ఏళ్లకు ఒక పేజీ, ఇరవై ఏళ్లకు పది పేజీలు ఉండవచ్చు. తాడు మీద ప్రతి ఏడాదికీ ఒకే పొడవు దక్కుతుంది.

ఇలాంటి సాధనాల్లో పేరున్నది మాంటిస్సోరీ బడుల్లోని పొడవాటి నల్లపట్టీ. మరియా మాంటిస్సోరీ 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా భారతదేశంలోనే ఉన్నారు. నల్లపట్టీ ఆ రోజుల్లోనే రూపుదిద్దుకుందని మాంటిస్సోరీ అధ్యాపకులు చెప్పుకుంటారు. భూమి వయసంతటినీ సూచించే ఆ పట్టీ చివర మనుషుల కాలం సన్నని గీతగా ఉంటుంది. తాడు నడక దానికి దగ్గరి బంధువే అయినా ఊరి చరిత్రకు వాడినప్పుడు దాని లెక్క వేరు. ఆ లెక్కను ఇక్కడ గిలకలదిండి బడి పిల్లలకు సరిపోయేలా కట్టి చూపిస్తున్నాం. మచిలీపట్నం పక్కనున్న ఈ మత్స్యకారుల ఊళ్లో తాడుకు కరువుండదు. తీరపు చరిత్ర కూడా తాడు నిండేంత ఉంది.

కొలత, తాడు

గిలకలదిండికి అనువైన కొలత ఏడాదికి ఒక సెంటీమీటరు. అంటే నూరేళ్లు ఒక మీటరు. ఐదో తరగతి పిల్లవాడి వయసు పది సెంటీమీటర్లు, దాదాపు వాడి అరచేతి పొడవు. నాయనమ్మకు డెబ్బై ఏళ్లుంటే ఆమె జీవితం ముప్పావు మీటరు కంటే కాస్త తక్కువ. కృష్ణా తీరంలో దొరికిన అతి పాత రాతలను అందుకోవాలంటే ఇరవై మూడు మీటర్ల పైచిలుకు పడుతుంది కాబట్టి పాతిక మీటర్ల తాడు చాలు. బడి ఆవరణలో అది సులువుగా పడుతుంది. ఏడాదికి మిల్లీమీటరు పెడితే తాడంతా రెండున్నర మీటర్లే అవుతుంది, నడవడానికేమీ మిగలదు. ఏడాదికి పది సెంటీమీటర్లు పెడితే పావు కిలోమీటరు తాడు కావాలి, అటు చివర ఉన్న పిల్లలకు ఇటు మాట వినిపించదు.

వలలకు, పడవలకు వాడే నైలాన్ తాడు చేతికి అందుతుంది కానీ లాగితే సాగుతుంది. పాతిక మీటర్ల తాడు రెండు శాతం సాగినా అర మీటరు పెరుగుతుంది, అంటే యాభై ఏళ్లు. వదులుగా ఉన్నప్పుడు గుర్తులు పెట్టి, తర్వాత బిగించి లాగితే స్వాతంత్ర్యం ఒక చోట, టేపు చూపే 1947 ఇంకో చోట ఉంటాయి. అందుకే ముందే తాడును బిగించి, రెండు చివరలా మేకులకు కట్టి, ఆ తర్వాతే కొలవాలి. సాగుడు తక్కువగా ఉండే నారతాడు దొరికితే ఇంకా మంచిది. మీటరు మీటరుకు ముడి వేద్దామని చాలామందికి తోస్తుంది. అది చేయకూడదు. ఒక్కో ముడి కొన్ని సెంటీమీటర్ల తాడును మింగేస్తుంది. ఇరవై ముడులు పడేసరికి మీటరు దాకా పొడవు తగ్గిపోవచ్చు. నూరేళ్ల గుర్తుకు రంగు గుడ్డపీలిక చుట్టి కుట్టేస్తే సరి. సంఘటనల చీటీలకు బట్టల క్లిప్పులు వాడాలి, లేకపోతే సముద్రపు గాలికి సగం చరిత్ర ఎగిరిపోతుంది.

అంచనా ముందు, టేపు తర్వాత

చీటీల మీద సంఘటన పేరు, ఒక బొమ్మ ఉంటే చాలు. ఏడాదిని వెనకవైపు రాయాలి. పిల్లలు ఏడాది చూడకుండానే, తాడు ఈ చివర ఈ రోజు, ఆ చివర భట్టిప్రోలు స్తూపం అని తెలుసుకుని, మిగతా చీటీలకు తమ ఊహ ప్రకారం క్లిప్పు పెడతారు. అంతా అయ్యాక చీటీలు తిప్పి, టేపుతో కొలిచి, అసలు చోటుకు మారుస్తారు. మొదటి చోట ఒక గులకరాయి ఉంచాలి. రాయికీ చీటీకీ మధ్య ఉన్న దూరంలోనే పాఠమంతా ఉంది. టేపుతో మొదలుపెడితే ఇది కొలతల తరగతి అవుతుంది తప్ప చరిత్ర తరగతి కాదు.

పిల్లలు చేసే పొరపాట్లు సాధారణంగా రెండు రకాలు. అన్ని చీటీల మధ్య దాదాపు ఒకే ఎడం కనిపిస్తే వాళ్లు వరుసను మాత్రమే చూశారని, కాలాన్ని చూడలేదని అర్థం. ఇటీవలి సంఘటనలు తాడు నిండా పరుచుకుని, పాతవన్నీ ఆ చివర ఇరుక్కుని ఉంటే అది రెండో రకం. ఇది కాలం గురించిన పొరపాటే కాదు, పెద్ద సంఖ్యల గురించినది కూడా. అమెరికన్ మనస్తత్వవేత్తలు రాబర్ట్ సీగ్లర్, జాన్ ఓఫర్ 2003లో ప్రచురించిన అధ్యయనంలో, సున్నా నుంచి వెయ్యి దాకా ఉన్న గీత మీద సంఖ్యలు గుర్తించమంటే చిన్న పిల్లలు చిన్న సంఖ్యలకు ఎక్కువ చోటిచ్చి, పెద్ద సంఖ్యలను ఒక మూలకు నెట్టారు. కాబట్టి రెండో రకం పొరపాటు చేసిన పిల్లవాణ్ణి చరిత్ర రాదని కోప్పడటం అన్యాయం.

గిలకలదిండి తాడు

ఈ రోజు చివరను 2025 అనుకుందాం. అక్కడ నిలబడి గతంలోకి నడవడం మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. పిల్లలకు తమ వయసు కొలబద్దగా దొరుకుతుంది కాబట్టి.

21 సెంటీమీటర్ల దగ్గర 2004 డిసెంబరు 26 నాటి సునామీ. 48 దగ్గర 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన, ప్రభుత్వ లెక్కలోనే పది వేల మంది చనిపోయిన రోజు. 78 దగ్గర స్వాతంత్ర్యం. మీటరు దాటగానే, 102 దగ్గర, పట్టాభి సీతారామయ్య బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 1923. ఇప్పటికి పిల్లవాడు రెండు అడుగులు వేశాడు. 161 దగ్గర 1864 నవంబరు 1 నాటి బందరు ఉప్పెన, ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకున్నది. దానికి ఒక జాన దూరం కూడా లేకుండా, 170 దగ్గర, 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట. రెండు ఉప్పెనలకు మధ్య 113 సెంటీమీటర్లు. 1977ది ఇంట్లో పెద్దవాళ్లు చూసినది, 1864ది వాళ్ల పెద్దలకు వాళ్ల పెద్దలు చెప్పినది. ఈ తేడాను పిల్లలు చేతులు చాచి కొలవగలరు. ఇంట్లో వాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు ఇప్పటికీ ఈ తీరంలో ఉన్నాయి కనుక, ఉప్పెన చీటీని ఎవరి చేతికిస్తున్నామో మాస్టారు ముందే చూసుకోవాలి.

తర్వాత నాలుగు మీటర్ల దాకా నడవాలి. 4 మీటర్ల 14 దగ్గర ఇంగ్లిషు వాళ్లు మచిలీపట్నంలో దిగిన 1611, దానికి ఆరు సెంటీమీటర్ల అవతల డచ్చి వాళ్లు వచ్చిన 1605. పిల్లలు చాలా పాతకాలం అనుకుని తాడు మధ్యలో పెట్టే చీటీలు ఇవే. తిప్పి కొలిస్తే తాడులో ఐదో వంతు కూడా గడవలేదు. బందరులో డచ్చి సమాధులు చూసిన పిల్లలకు ఇది నమ్మబుద్ధి కాదు. టేపు ఇంకోసారి పట్టమంటారు. పట్టనివ్వాలి.

అక్కడి నుంచి చీటీలు పలచబడతాయి. 5 మీటర్ల దగ్గర కృష్ణదేవరాయల పాలన, 1509 నుంచి 1529. ఆముక్తమాల్యదకు సంబంధమున్న శ్రీకాకుళం ఆంధ్రమహావిష్ణువు గుడి ఘంటసాల మండలంలోనే ఉంది. 7 మీటర్ల 81 దగ్గర కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిస్తూ మోటుపల్లిలో వేయించిన 1244 నాటి శాసనం. పది మీటర్లకు కాస్త ఇవతల రాజరాజనరేంద్రుడు, నన్నయ. పద్నాలుగు మీటర్ల దగ్గర వేంగిలో కుబ్జవిష్ణువర్ధనుడు. ఆపైన చాలా దూరం ఏ చీటీ ఉండదు. ఎవరో ఒకరు ఇక్కడ మనుషులు లేరా అని అడుగుతారు. మనుషులున్నారు, చేపలూ పట్టారు. తేదీతో సహా మనకు మిగిలిన ఆనవాళ్లు తక్కువ. ఈ ఖాళీని నింపడం కోసం దూరపు రాజుల చీటీలు తెచ్చి గుచ్చకూడదు. ఖాళీగా నడవడం వల్లనే పొడవు తెలుస్తుంది.

18 మీటర్ల 75 దగ్గర, సుమారు క్రీ.శ. 150లో, గ్రీకు భూగోళ శాస్త్రవేత్త టాలెమీ ఈ తీరాన్ని మైసోలియా అని రాశాడు. ఆయన పేర్కొన్న కంటకోస్సిల రేవు ఘంటసాల అని చరిత్రకారుల నిర్ణయం. ఆ ఘంటసాలలోనే దొరికిన ప్రాకృత శాసనం ఒకటి శివకుడనే మహానావికుణ్ణి పేర్కొంటుంది. పడవ నడిపే ఇళ్లలోని పిల్లలకు ఈ చీటీ దగ్గర ఎక్కువసేపు ఆగాలనిపించడం సహజం. చివరగా భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాల్లో బయటపడిన ధాతు కరండాల మీది రాతలను క్రీ.పూ. మూడో శతాబ్దానివిగా చెబుతారు.

ఇక్కడొక చిక్కుంది. క్రీ.పూ. మూడో శతాబ్దమంటే ఏ సెంటీమీటరు? 22 మీటర్ల 25 నుంచి 23 మీటర్ల 24 దాకా ఎక్కడైనా కావచ్చు. దానికి క్లిప్పు పెడితే మనకు లేని కచ్చితత్వాన్ని పిల్లలకు నేర్పినట్టవుతుంది. మీటరు పొడవున్న రంగు గుడ్డ కట్టాలి. శివకుడి శాసనానికి తొలి శతాబ్దాలను కప్పే ఇంకా పొడవైన గుడ్డ, కృష్ణదేవరాయల పాలనకు ఇరవై సెంటీమీటర్ల గుడ్డ. తేదీ తెలిసిన సంఘటనకు క్లిప్పు, తెలియనిదానికీ ఏళ్ల తరబడి సాగినదానికీ గుడ్డ అన్న నియమం మొదటి నుంచీ పాటిస్తే, తాడు వెనక్కి వెళ్లేకొద్దీ క్లిప్పులు తగ్గి గుడ్డలు పెరగడం పిల్లలే గమనిస్తారు.

క్రీస్తుపూర్వం మొదలయ్యే 20 మీటర్ల 25 దగ్గర ఇంకో గందరగోళం. అక్కడి నుంచి అంకెలు పెరుగుతుంటే కాలం వెనక్కి పోతుంది. క్రీ.పూ. 100 కంటే క్రీ.పూ. 300ను ఇవతలకు పెట్టే పిల్లలు ఉంటారు. అక్కడ ఎర్ర గుడ్డ కట్టి, దాని మీద ఒక పిల్లను నిలబెట్టి, ఆమె నుంచి రెండు వైపులా లెక్కపెట్టిస్తే సర్దుకుంటుంది. సున్నా అనే ఏడాది లేకపోవడం వల్ల వచ్చే తేడా ఒక్క సెంటీమీటరే. దాన్ని చిన్న తరగతుల్లో పట్టించుకోనక్కర్లేదు.

పరిమితులు

ఈ రోజు వైపున్న మీటరులో చీటీలు కిక్కిరిసిపోతాయి. అక్కడ నాలుగైదింటికి మించి పెడితే ఒకదానిమీదొకటి పడి చదవరాదు. ఆ వందేళ్లకు విడిగా ఇంకో తాడు, ఏడాదికి పది సెంటీమీటర్ల కొలతతో, వేరే రంగులో వేయడం ఒక మార్గం.

రెండో హద్దు అటు చివరది. ఈ కొలతలో పదివేల ఏళ్ల వ్యవసాయానికి నూరు మీటర్లు కావాలి. సుమారు ఆరు వేల ఏళ్ల కిందట, అంటే అరవై మీటర్ల దూరంలో, కృష్ణా తీరరేఖ ఇప్పటికంటే చాలా లోపలికి ఉండేది. నది తెచ్చిన ఒండ్రుతో డెల్టా ఆ తర్వాత సముద్రంలోకి పెరిగింది. తాడు వేసిన ఆవరణ అప్పటికి నేల కాదు. ఇంతవరకు బడి పక్కనున్న దారి మీద నడిచి చూపించవచ్చు. డైనోసార్లు అంతరించిన ఆరు కోట్ల అరవై లక్షల ఏళ్లకు మాత్రం 660 కిలోమీటర్లు, మచిలీపట్నం నుంచి హైదరాబాదుకు రానుపోను దూరమంత, కావాలి. భూమి వయసుకైతే 45 వేల కిలోమీటర్లు దాటుతుంది, తాడు భూమధ్యరేఖను చుట్టి ఇంకా మిగులుతుంది. భూమి చరిత్రకు నల్లపట్టీ వంటి వేరే కొలత సాధనం వాడాలి. ఆ రెంటినీ ఒకే రోజు చూపితే పిల్లలు కొలతలను కలిపేసుకుంటారు. మధ్యలో కనీసం కొన్ని వారాల ఎడం ఉండాలి.