గోడ మీది పోస్టరు: నాలుగు మూలల కథ

గది ఫోటోలో ఖాళీ గోడ ఉంటుంది, దాని మీద పోస్టరు తగిలించినట్టు చూపించాలి. గోడకు సూటిగా ఎదురు నిలబడి తీసిన ఫోటో అయితే పెద్ద పనేం లేదు. ఓరగా నిలబడి తీసినదైతే గోడ దగ్గరి వైపు ఎత్తుగా, దూరపు వైపు పొట్టిగా కనిపిస్తుంది. పోస్టరూ అదే లెక్కలో కుదించుకుపోవాలి. ఆ లెక్క ఫోటోషాప్ కంటే ఐదువందల యాభై ఏళ్ళు పాతది.

1435లో ఇటలీలో లియోన్ బత్తిస్తా అల్బెర్తి చిత్రకళ మీద ఒక గ్రంథం రాశాడు. గళ్ళ నేలను దూరానికి తగ్గిపోతున్నట్టుగా ఎలా గీయాలో చెప్పి, గీసినది సరిగ్గా వచ్చిందో లేదో తేల్చుకునే పరీక్ష కూడా అందులో ఇచ్చాడు. ఒక మూల నుంచి ఐమూలగా గీసిన గీత వరుస గళ్ళ మూలలన్నిటి గుండా వంకర లేకుండా పోతే నేల సరైనది. ఈ పరీక్ష మన పోస్టరుకూ అలాగే పనికొస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఫోటోలో పోస్టరు దగ్గరి అంచు 900 పిక్సెళ్ళ ఎత్తు, దూరపు అంచు 600, రెంటి మధ్య దూరం 500 అనుకుందాం. రెండు అంచుల మధ్య బిందువులూ ఒకే మట్టంలో ఉన్నాయి. పోస్టరు నడిమధ్య ఎక్కడ పడుతుంది? 250 దగ్గర అనిపిస్తుంది. మూల నుంచి ఎదురు మూలకు రెండు గీతలు గీస్తే అవి దగ్గరి అంచు నుంచి 300 పిక్సెళ్ళ దగ్గర కలుస్తాయి. నిజమైన నడుమ అదే. దగ్గరి సగానికి 300, దూరపు సగానికి 200 దక్కుతాయి. బొమ్మను రెండు వైపులా సమంగా సాగదీస్తే నడుమ 250లోనే ఉండిపోతుంది. అంచులు గోడతో చక్కగా కలిసినా లోపలి ముఖం, అక్షరాలు ఏదో తేడాగా కనిపిస్తాయి. చూసేవాడికి కారణం తెలియదు గానీ, తేడా మాత్రం తెలిసిపోతుంది.

కంప్యూటర్ల కాలానికి వస్తే, బొమ్మను ఒక ఉపరితలం మీద అతికించే పద్ధతిని 1974లో యూటా విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ కాట్మల్ తన పరిశోధన గ్రంథంలో చూపించాడు. 1989లో బర్క్‌లీలో పాల్ హెక్‌బర్ట్ ఈ రకం మార్పిళ్ళ గణితాన్నంతా ఒకచోట చేర్చాడు. మన పనికి కావలసిన సూత్రం ఇది:

```
x' = (ax + by + c) / (gx + hy + 1)
y' = (dx + ey + f) / (gx + hy + 1)
```

తెలియని సంఖ్యలు ఎనిమిది. ఒక్కో మూలకు అడ్డం, నిలువు అని రెండు కొలతలు. అంటే నాలుగు మూలలు ఎక్కడ పడాలో చెబితే లెక్క మొత్తం తేలిపోతుంది, ఐదో బిందువు అక్కరలేదు. సూత్రంలో కింద ఉన్న భాగహారమే నడుమను 250 నుంచి 300కు జరుపుతుంది.

1990లో ఫోటోషాప్ వచ్చింది, 1994లో దానికి లేయర్లు వచ్చాయి. మూలలు పట్టి లాగే సదుపాయం ఉన్నా ఒక చిక్కుండేది. లాగిన ప్రతిసారీ పాత పిక్సెళ్ళు పోయి కొత్తవి లెక్కగట్టి పడేవి. అతికించిన పోస్టరు మూలలను కొంచెం పైకి, మళ్ళీ కొంచెం కిందికి సవరిస్తూ పోతే నాలుగైదు మార్పులకే సన్నని అక్షరాలు మసకబారేవి.

2005లో వచ్చిన సీఎస్2 ఈ చరిత్రలో అసలు మలుపు అని నా అభిప్రాయం. విచిత్రంగా, రెండు జవాబులు అందులో ఒకేసారి వచ్చాయి, కానీ ఒకదానితో ఒకటి కలవలేదు. వానిషింగ్ పాయింట్ అనే సాధనానికి గోడ లెక్క తెలుసు. గోడ మీద గడి పరిచి పోస్టరును అందులో పేస్టు చేస్తే అదే సరిగ్గా వాలుతుంది. కానీ సరే అనగానే ఫలితం మామూలు పిక్సెళ్ళుగా గడ్డకట్టేది. రెండోది స్మార్ట్ ఆబ్జెక్ట్. ఇది అసలు బొమ్మను భద్రంగా లోపల ఉంచుకుని, ఎన్నిసార్లు మార్చినా ప్రతిసారీ అసలు నుంచే కొత్తగా లెక్కిస్తుంది. దీన్ని పెంచవచ్చు, తిప్పవచ్చు. ఓర గోడకు కావలసినట్టు మూలలు విడివిడిగా లాగడానికి మాత్రం అప్పట్లో వీలుండేది కాదు. 2008లో సీఎస్4 ఆ అడ్డు తొలగించాక, పోస్టరు మార్చినా గోడ మీది వాలు చెదరకుండా ఉండడం సాధ్యమైంది. లోపలి బొమ్మ మార్చి సేవ్ చేస్తే బయట గోడ మీద కొత్త పోస్టరు వచ్చే మాకప్ ఫైళ్ళన్నీ ఈ ఏర్పాటు మీదే నడుస్తున్నాయి.

2014 జనవరిలో ఫోటోషాప్ సీసీకి `Edit > Perspective Warp` చేరింది. ముందు బొమ్మ మీద చతుర్భుజం పరచాలి, తర్వాత దాని మూలలు జరపాలి. స్మార్ట్ ఆబ్జెక్ట్ మీద వాడితే తర్వాత తెరిచి సవరించుకోవచ్చు. ఒకే గోడ, ఒకే పోస్టరు అయితే దీని అవసరం పెద్దగా లేదు. `Edit > Transform > Distort` అదే ఫలితం ఇస్తుంది. రెండు గోడలు కలిసే మూలలో, ఒకే పెద్ద బొమ్మ అటూ ఇటూ పరుచుకున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. రెండు చతుర్భుజాలు ఒకే అంచు పంచుకుంటాయి కాబట్టి మూల దగ్గర సందు రాదు.

ఇన్ని సాధనాలున్నా చాలామంది చేసే పొరపాటు ఒకటే. పోస్టరు నాలుగు మూలలను గోడ మీద కంటి అంచనాతో పెడతారు. గోడ పైకప్పును కలిసే గీత, నేలను కలిసే గీత ఏ బిందువు వైపు సాగుతున్నాయో చూసి పోస్టరు పై, కింది అంచులను అటే వాల్చవచ్చు. వెడల్పు ఎంత కుదించాలన్నది మాత్రం కంటికి అందదు. 18 అంగుళాల పోస్టరు 14 అంగుళాలదిలా కనిపించినా ఆ తప్పు చేసినవాడికి పట్టుబడదు.

అందుకని పోస్టరును వదిలి గోడనే స్మార్ట్ ఆబ్జెక్ట్ చేయడం మేలు. గోడ 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు అనుకుందాం. ఫోటోలో గోడ దగ్గరి అంచు 2900 పిక్సెళ్ళు ఉంటే అడుగుకు 300 పిక్సెళ్ళు చాలు. అప్పుడు గోడ 3600, 3000 అవుతుంది. ఆ కొలతలో అడుగు గళ్ళ బొమ్మ ఒకటి చేసి, దాన్ని స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చి, నాలుగు మూలలను ఫోటోలోని గోడ మూలలకు లాగాలి. అదే గోడకు 3 అడుగుల తలుపు ఉంటే అది మూడు గళ్ళ వెడల్పును ఆక్రమించాలి. అలా రాకపోతే ఒక మూల తప్పినట్టే. మూలలన్నీ కుదిరి, గోడ నడుమ నేల గీత మాత్రం గడి అంచు నుంచి తొలగితే తప్పు లెన్సుది. ఫోనులోని వైడ్ కెమెరా సరళరేఖలను వంచుతుంది. పై సూత్రం సరళరేఖలకే వర్తిస్తుంది కాబట్టి ముందు `Lens Correction`తో ఆ వంపు తీసేయాలి.

గడి కుదిరాక స్మార్ట్ ఆబ్జెక్ట్‌ను తెరిచి, గళ్ళు దాచి, అందులో పోస్టరు పెట్టాలి. 18, 24 అంగుళాల పోస్టరు అక్కడ 450, 600 పిక్సెళ్ళు. గ్యాలరీల్లో బొమ్మ నడుమను నేల నుంచి 57 అంగుళాల ఎత్తున ఉంచే వాడుక ఉంది, అంటే కింది నుంచి 1425 పిక్సెళ్ళు. సేవ్ చేయగానే వాలు, వెడల్పు రెండూ వాటంతట అవే కుదురుతాయి. పోస్టరును రెండడుగులు పక్కకు జరపాలంటే లోపల 600 పిక్సెళ్ళు జరిపితే చాలు.

గోడ మూలలు ఫోటోలో కనిపించకపోతే పాత వానిషింగ్ పాయింటే ఆదుకుంటుంది. తలుపు మీద గడి పరిచి, అంచు పట్టి గోడంతా సాగదీయవచ్చు. గడి ఎర్రగానో పసుపుగానో మారితే లెక్క కుదరలేదని అర్థం. నీలంగా ఉన్నంత మాత్రాన మూలలు సరిగ్గా పెట్టారని కాదు, వాటిని చూసుకోవలసింది మీరే. ఇంటి యజమాని పంపిన ఫోటో మీద ఈ పని చేసేవారు ఫోటోతోపాటు గోడ వెడల్పు, ఎత్తు కూడా టేపుతో కొలిపించి రాయించుకోండి.