పరీక్షల ఆటోమేషన్‌: మూడు చట్రాలు, మూడు సందర్భాలు

సాఫ్ట్‌వేర్‌ను స్వయంచాలకంగా పరీక్షించే చట్రాల్లో మూడింటిని ఇక్కడ చూద్దాం. బిలాస్‌పూర్ సమీపంలోని చకర్‌భాటా నుంచి ఒక కుటుంబం రైలు టికెట్లు తీసుకోవడాన్ని ఉదాహరణగా చూస్తే వాటి తేడా తెలుస్తుంది.

2016 ఏప్రిల్ 21 నుంచి అమలైన నిబంధన ప్రకారం, రిజర్వేషన్ తరగతుల్లో 5 ఏళ్లు నిండి 12 నిండని పిల్లలకు బెర్తు కోరితే పూర్తి ఛార్జీ, కోరకపోతే సగం. దీని పరీక్షలో దశలు ఒకటే. వయసు, బెర్తు మాత్రమే మారతాయి. హద్దులైన 4, 5, 11, 12 ఏళ్లను, రావలసిన ఛార్జీని పట్టికలో రాసి, ఒకే స్క్రిప్టును వరుసవారీగా నడిపితే అది డేటా ఆధారిత చట్రం. నిబంధన మారితే పట్టికను సవరిస్తే చాలు. అయితే పట్టికలో ‘రద్దు చేయాలా’ వంటి గడులు పెరిగి, స్క్రిప్టు షరతులతో నిండితే, ఆ చట్రం పరిమితి దాటినట్టే.

దశలే మారుతుంటే కీలకపద చట్రం మేలు. ‘లాగిన్’, ‘రైలు ఎంపిక’, ‘చెల్లింపు’, ‘రద్దు’ అనే పదాలకు ప్రోగ్రామర్ ఒకసారి కోడ్ రాస్తే, కోడ్ తెలియని బుకింగ్ ఉద్యోగి కూడా వాటిని పేర్చి కొత్త పరీక్షలు కూర్చగలరు. కాకపోతే తొలి శ్రమ ఎక్కువ. పరీక్ష విఫలమైతే లోపం పదంలో ఉందో, దాని వెనుక కోడ్‌లో ఉందో వెతకాలి.

దశలకు పదాలు, విలువలకు పట్టిక వాడేది మిశ్రమ చట్రం. రోబోట్ ఫ్రేమ్‌వర్క్‌లో ఈ రెండూ సాధ్యమే. దశలు, విలువలు రెండూ విస్తారంగా ఉన్నప్పుడే దీని నిర్వహణ ఖర్చు గిట్టుబాటవుతుంది. పది పరీక్షలకు అది భారమే.