సాదాబైనామా కోర్టు మెట్లెక్కితే

తెలంగాణ పల్లెల్లో తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకానికి సాదాబైనామా అని పేరు. బై అంటే అమ్మకం, నామా అంటే పత్రం. స్టాంపు లేకుండా, రిజిస్ట్రారు ముద్ర లేకుండా రాసుకున్నది కాబట్టి సాదా. ఊరి పెద్ద ఇంటి అరుగు మీద రాయించి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించి, పైకం చేతిలో పెట్టి, గట్టు చూపిస్తే బేరం ముగిసినట్టే. కొన్నవాడు దున్నుకుంటాడు, అమ్మినవాడు పలకరించి పోతాడు. చిక్కు తర్వాతి తరంలో వస్తుంది. భూమి ధర పెరుగుతుంది, అమ్మినాయన పోతాడు, పట్టాదారు పేరు మాత్రం మారకుండా ఉంటుంది. ఆయన కొడుకు వచ్చి భూమి మాదే అంటాడు. అప్పుడు ఆ కాగితం కోర్టుకు చేరుతుంది.

ఈ కాగితం చెల్లుతుందా చెల్లదా అని జనం అడుగుతారు. కోర్టు అడిగే ప్రశ్న వేరు. దీన్ని ఏం రుజువు చేయడానికి తెచ్చావు అన్నది ఆ ప్రశ్న. నూటయాభై ఏళ్లకు పైగా చట్టం నడిచిన దారంతా దీనికి జవాబు వెతుకుతూ నడిచిందే.

మొదట్లో రిజిస్ట్రేషన్ రాసుకున్నవాళ్ల ఇష్టం. 1864 చట్టంతో వంద రూపాయలు, ఆపై విలువ చేసే స్థిరాస్తి దస్తావేజులకు అది తప్పనిసరైంది. ఆ చట్టం పలుమార్లు మారి, ఇప్పుడు మనం వాడుతున్న 1908 రిజిస్ట్రేషన్ చట్టంగా స్థిరపడింది. ఈ మధ్యలో 1882లో ఆస్తి బదిలీ చట్టం వచ్చింది. దాని 54వ సెక్షన్ ప్రకారం వంద రూపాయలు, ఆపై విలువైన భూమి అమ్మకం రిజిస్టరైన దస్తావేజుతోనే జరగాలి. అమ్ముతానన్న ఒప్పందం దానంతట అది భూమిలో ఏ హక్కూ పుట్టించదని కూడా అదే సెక్షన్ చెప్పింది. రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ ఇంకో అడుగు వేసింది. రిజిస్టరు కావలసిన పత్రం రిజిస్టరు కాకపోతే అది భూమి హక్కును తాకదు, ఆ లావాదేవీకి సాక్ష్యంగానూ పనికిరాదు. వంద రూపాయల గీత మాత్రం నేటికీ మారలేదు. ఆనాడు పొలం ధరగా ఉన్న ఆ మొత్తానికి నేడు గట్టు మీద రాయి కూడా రాదు. అంటే ఇప్పుడు ఏ భూమి అమ్మకమూ ఈ నియమం నుంచి తప్పించుకోలేదు.

ఇంత బిగువైన నియమంలో మొదటి సందు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లిన వరదపిళ్లై కేసులో కనిపించింది. ఒక గ్రామంలోని వాటాను ఒక స్త్రీకి దానంగా ఇచ్చామని 1895లో కలెక్టరుకు అర్జీలు పెట్టారు. రిజిస్టరైన దానపత్రం లేదు. కాబట్టి ఆ అర్జీలతో దానం రుజువు కాదని 1919 నాటి ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. కానీ ఆ రోజు నుంచి ఆ స్త్రీ భూమిలో ఏ హోదాలో ఉందో తెలుసుకోవడానికి వాటిని చూడవచ్చంది. ఆమె సొంతదారుగానే అనుభవించిందని, ఆ అనుభవం 12 ఏళ్లు దాటిందని తేలడంతో హక్కు ఆమెకు దక్కింది. పత్రం ఇవ్వలేని హక్కును కాలం ఇచ్చింది. ఆ కాలాన్ని ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో పత్రం చూపింది.

రెండో మలుపు 1929 సవరణ. అప్పుడు ఆస్తి బదిలీ చట్టంలోకి 53ఎ సెక్షన్ వచ్చింది. రాతపూర్వక ఒప్పందం మీద భూమి స్వాధీనం చేసుకుని, తన వంతు నెరవేర్చడానికి సిద్ధంగా ఉన్న కొనుగోలుదారుణ్ణి, పత్రం రిజిస్టరు కాలేదన్న సాకుతో అమ్మినవాడు వెళ్లగొట్టలేడు. ఇది డాలు మాత్రమే, కత్తి కాదు. మీదికి వచ్చినవాణ్ణి ఆపుతుంది తప్ప, హక్కు ప్రకటించమని దావా వేయడానికి పనికిరాదు. అదే ఏడు 49వ సెక్షన్‌కు మినహాయింపు కూడా చేర్చారు. దాని ప్రకారం రిజిస్టరు కాని పత్రాన్ని మూడు పనులకు చూడవచ్చు: ఒప్పందాన్ని అమలుచేయించే దావాలో ఒప్పందం ఉందని చూపడానికి, 53ఎ రక్షణకు, రిజిస్ట్రేషన్ అక్కర్లేని అనుబంధ విషయానికి.

ఆ మూడింటిలో ఒకటి 2001లో పోయింది. ఆ ఏడాది సెప్టెంబరు 24 నుంచి రాసుకున్న ఒప్పందం రిజిస్టరు కాకపోతే 53ఎ రక్షణ దొరకదు. రిజిస్ట్రేషన్ తప్పించుకుని స్వాధీనం ఒప్పందాలతోనే భూములు చేతులు మారుతుంటే, ఖజానాకు పడిన గండిని పూడ్చడానికి వచ్చిన సవరణ అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతకుముందే, 1999లోనే, విక్రయ ఒప్పందాల రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసింది. అయినా మిగిలిన రెండు తలుపులూ మూతపడలేదు. తమిళనాడులో అలాంటి సవరణే వచ్చాక, రిజిస్టరు కాని ఒప్పందంతో అమలు దావా వేయవచ్చా అన్న ప్రశ్న సుప్రీంకోర్టుకు వెళ్లింది. 49వ సెక్షన్ మినహాయింపు అలాగే ఉంది కాబట్టి వేయవచ్చని 2023లో హేమలత కేసులో కోర్టు చెప్పింది.

ఒప్పందం సరే, పూర్తి విక్రయ దస్తావేజే రాసి రిజిస్టరు చేయకపోతే? దీనికి 2010 నాటి కళాదేవి కేసు జవాబు. అమ్మినవాళ్లు దస్తావేజు మీద సంతకాలు పెట్టి రిజిస్ట్రేషన్‌కు మొండికేశారని కొనుగోలుదారు దావా. కింది కోర్టు ఆ పత్రాన్ని మార్క్ చేయనివ్వలేదు, హైకోర్టూ అదే మాట అంది. సుప్రీంకోర్టు తీసుకోమంది. అయితే అమ్మకం పూర్తయిందనడానికి కాదు, నోటిమాటగా జరిగిన ఒప్పందానికి సాక్ష్యంగా మాత్రమే తీసుకున్నామని పత్రం మీద రాయాలంది.

ఇక అనుబంధ ప్రయోజనం అన్న మాట. వకీళ్లు ఎక్కువగా పట్టుకునేదీ, కోర్టులు ఎక్కువగా తోసిపుచ్చేదీ దీన్నే. 2008లో కె.బి. సాహా కేసులో సుప్రీంకోర్టు హద్దులు గీసింది. ఆ విషయం అసలు లావాదేవీ నుంచి విడదీయగలిగేదై ఉండాలి, దానికదే రిజిస్ట్రేషన్ అవసరం లేనిదై ఉండాలి. పత్రంలోని ముఖ్యమైన షరతును రుజువు చేస్తూ దాన్నే అనుబంధ విషయమనడం కుదరదు. అమ్మకంలో ముఖ్యమైనది హక్కు మారడం, కాబట్టి దానికి కాగితం చూడరు. ఫలానా రోజు నుంచి ఫలానావాడు భూమిలో ఉన్నాడు, ఏ హోదాలో ఉన్నాడు అన్నదానికి చూస్తారు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. వరంగల్ వైపు ఒక రైతు 1998లో రెండెకరాలు 40,000 రూపాయలకు తెల్లకాగితం మీద కొన్నాడు. పైకమంతా ముట్టింది, నేటి నుంచి భూమి నీదే, స్వాధీనం ఇచ్చాను అని అందులో ఉంది. ఇప్పుడు అమ్మినాయన కొడుకు ట్రాక్టరుతో వచ్చాడు.

కొనుగోలు వల్ల నాకు హక్కు వచ్చిందని ప్రకటించమంటే రైతు దావా నిలవదు. నా స్వాధీనానికి అడ్డురాకుండా ఇంజంక్షన్ ఇమ్మంటే, 1998 నుంచి భూమిలో ఉన్నాననడానికి కాగితం ఉపయోగపడుతుంది. శిస్తు రసీదులు, పహాణీలో అనుభవదారు కాలమ్ దానికి తోడుండాలి. ఎదుటివాడే స్వాధీనం కోసం దావా వేస్తే, పత్రం 2001కి ముందుది కాబట్టి 53ఎ డాలు ఇంకా చేతిలో ఉంది. రిజిస్ట్రేషన్ చేయించమని దావా వేయాలంటే మూడేళ్ల గడువు ఉంది. అది ఒప్పందంలో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే చేయనని చెప్పిన సంగతి తెలిసిన రోజు నుంచి నడుస్తుంది.

నాలుగో దారి వరదపిళ్లై నాటిది: 12 ఏళ్ల ప్రతికూల స్వాధీనం. ఇక్కడ కాగితంలోని ఒక్క వాక్యం ఫలితాన్ని తలకిందులు చేస్తుంది. అమ్మేశాను, భూమి నీదే అని ఉంటే, పత్రం చెల్లకపోయినా కొన్నవాడు ఆ రోజు నుంచి సొంతదారుగా ఉన్నట్టు లెక్క. 2010 నాటికి 12 ఏళ్లు నిండాయి. అదే, మిగతా పైకం ఇచ్చాక రిజిస్టరు చేస్తాను, అందాకా దున్నుకో అని ఉంటే అది ఒప్పందమే. ఆ స్వాధీనం అమ్మినవాడి అనుమతితో వచ్చింది, ఎన్నేళ్లు గడిచినా దానంతట అది ప్రతికూలం కాదు. ఈ తేడాను 1990లో అచల్ రెడ్డి కేసులో సుప్రీంకోర్టు విడమరిచింది. ప్రతికూల స్వాధీనం ఆధారంగా స్వయంగా దావా కూడా వేయవచ్చని 2019లో రవీందర్ కౌర్ కేసులో తేల్చింది.

ఇంత దాకా వచ్చినా గుమ్మం దగ్గర ఇంకొకరు కాపలా ఉన్నారు: 1899 స్టాంపు చట్టం. రిజిస్ట్రేషన్ చట్టం అనుబంధ ప్రయోజనానికి దారి ఇస్తుంది. స్టాంపు చట్టం 35వ సెక్షన్ ఏ ప్రయోజనానికీ ఇవ్వదు. మన రాష్ట్రాల్లో స్వాధీనం అప్పగించినట్టు చెప్పే ఒప్పందానికి కూడా అమ్మకపు పత్రంతో సమానంగా సుంకం కట్టాలి. కట్టకపోతే జడ్జి పత్రాన్ని ఇంపౌండ్ చేస్తారు. తక్కువ పడిన సుంకం 3,000 అనుకుంటే, కోర్టులోనే కట్టడానికి దానికి పదింతల పెనాల్టీ 30,000 కలిపి మొత్తం 33,000 అవుతుంది. పెనాల్టీ తగ్గించే అధికారం కోర్టుకు లేదు, కలెక్టరుకు ఉంది. అందుకే అనుభవం ఉన్న వకీలు పత్రాన్ని కలెక్టరుకు పంపమని కోరతాడు. అసలు పత్రం పోయి జిరాక్సు మాత్రమే మిగిలితే సుంకం కట్టే దారీ లేదు. ఇది మన ఆంధ్ర నుంచే వెళ్లిన జూపూడి కేశవరావు కేసులో 1971లో సుప్రీంకోర్టు చెప్పిన మాట.

ఎదుటిపక్షం కూడా ఇక్కడే ఏమరుపాటున దొరికిపోతుంది. సుంకం చాలని పత్రాన్ని అభ్యంతరం లేకుండా ఎగ్జిబిట్‌గా మార్క్ చేయనిస్తే, తర్వాత ఆ దావాలో స్టాంపు మాట ఎత్తే వీలు ఉండదు. రిజిస్ట్రేషన్ అభ్యంతరానికి ఆ గడువు లేదు. మార్క్ అయినంత మాత్రాన కాగితం హక్కు ఇవ్వదు.

కోర్టు బయట ఇంకో దారి కూడా తెరిచారు. ఉమ్మడి రాష్ట్రంలో 1971 పట్టాదారు పాసుపుస్తకాల చట్టంలో చేర్చిన 5ఎ సెక్షన్ కింద ఇలాంటి అమ్మకాలను తహసీల్దారు క్రమబద్ధం చేసే వీలుండేది. తెలంగాణ 2016లో దరఖాస్తులు తీసుకుంది, 2020 చట్టంలో ఆ వీలు లేకుండా పోయింది, 2025 భూభారతి చట్టంతో పాత దరఖాస్తులకు మళ్లీ దారి దొరికింది. కానీ రాయదుర్గం భూమి గురించి 2025లో వచ్చిన తీర్పులో, 1982 నాటి రిజిస్టరు కాని ఒప్పందాన్ని ఏళ్ల తర్వాత అధికారి వ్యాలిడేట్ చేసినా దాని నుంచి హక్కు పుట్టదని సుప్రీంకోర్టు చెప్పింది.

కాబట్టి మన రైతు కాగితం పట్టుకుని వకీలు దగ్గరికి వెళితే, ముందు చూడవలసింది ముగ్గురి సంతకాలు కాదు, మూడు విషయాలు. రాసిన తేదీ 2001 సెప్టెంబరు 24కి ముందుదా తర్వాతదా? అమ్మాను అని ఉందా, అమ్ముతాను అని ఉందా? అసలు ప్రతి చేతిలో ఉందా? ఏ దావా వేయాలో, అసలు వేయాలో వద్దో వీటి జవాబులే చెబుతాయి.