ఒక్క విద్యార్థి, ఒక్క గీత

1852లో ఫ్రాన్సిస్ గుత్రీ ఇంగ్లండ్ కౌంటీల పటానికి రంగులు వేస్తున్నాడు. సరిహద్దు పంచుకునే కౌంటీలకి ఒకే రంగు పడకూడదని నియమం. నాలుగు రంగులు సరిపోయాయి. ఏ పటానికైనా నాలుగు చాలునా? ఈ ప్రశ్న తమ్ముడి ద్వారా లండన్‌లో గణిత ప్రొఫెసర్ డి మోర్గాన్‌కి చేరింది. చాలునని తేల్చడానికి 1976 దాకా పట్టింది.

ఈలోగా అదే లెక్క పరీక్షల టైమ్‌టేబుల్లోకి వచ్చింది. 1967లో వెల్ష్, పావెల్ 'ది కంప్యూటర్ జర్నల్'లో రాసిన వ్యాసం ఈ చుట్టరికాన్ని స్పష్టంగా చూపించింది. ప్రతి పరీక్షా ఒక చుక్క. ఒక్క విద్యార్థయినా రెండు పరీక్షలూ రాయాల్సి ఉంటే ఆ రెండు చుక్కల మధ్య గీత. రంగు అంటే పరీక్ష జరిగే పూట. గీత కలిపిన చుక్కలకి వేరే వేరే రంగులు పడాలి. అలా వేయడానికి కనీసం ఎన్ని రంగులు కావాలో అది క్రోమాటిక్ నంబర్. పటాలకున్న 'నాలుగు చాలు' అనే హామీ ఇక్కడ లేదు. ఐదు పేపర్లు రాసే ఒక్క అమ్మాయి ఉంటే ఐదు పూటలు తప్పవు.

వాళ్ల పద్ధతి చాలా సులువు: ఎక్కువ గీతలున్న చుక్కకి ముందు రంగు వేయండి. తెలుగు, చరిత్ర, అర్థశాస్త్రం, గణాంకశాస్త్రం ఒక గొలుసులా వరసగా కలిసున్నాయనుకుందాం. ముందు రెండు చివర్లనీ, అంటే తెలుగునీ గణాంకశాస్త్రాన్నీ, ఒకే పూట పెట్టేస్తే చరిత్రకి రెండో పూట, అర్థశాస్త్రానికి మూడోది కావాలి. అదే మధ్యలో ఉన్న చరిత్ర, అర్థశాస్త్రాలతో మొదలుపెడితే రెండు పూటల్లో అంతా అయిపోతుంది.

అయితే ఇది ప్రతిసారీ పనిచేయదు. ఆరు పరీక్షలు గుండ్రంగా కలిసుంటే అన్నిటికీ రెండేసి గీతలే, కాబట్టి ఎవరు ముందో పద్ధతి చెప్పలేదు. ఒకటినీ నాలుగునీ జత చేశామా, తర్వాత రెండూ ఐదూ, మూడూ ఆరూ జతలై మూడు పూటలు పడతాయి. నిజానికి ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే రెండే చాలు. కనీస సంఖ్యని ఎప్పుడూ త్వరగా కనిపెట్టే పద్ధతి ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు.

ఇప్పుడు ఐదు పరీక్షల గుండ్రం చూడండి. ఇక్కడ ఎంత తెలివిగా వేసినా మూడు పూటలు కావాల్సిందే. గుండ్రంలో ఏదో ఒక గీత చెరిపేస్తే మాత్రం రెండు చాలు. ఒక పూట తగ్గితే హాళ్లూ, ఇన్విజిలేటర్లూ మిగులుతారు. "ఆ గీత ఒక్కరిదే కదా" అని ఎవరికైనా అనిపిస్తుంది. గీతకి మాత్రం ఒక్కరైనా, వందమందైనా ఒకటే. చెరిపేస్తే టైమ్‌టేబుల్ కాగితం మీద చక్కగా కుదురుతుంది. ఆ ఒక్కరే, ఒకే గంటలో రెండు హాల్ టికెట్లు పట్టుకుని కారిడార్‌లో నిలబడతారు.