ద్రవ్యోల్బణ లక్ష్యం, ధరల స్థాయి లక్ష్యం: గురి తప్పితే ఏమవుతుంది?

ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు తగ్గాయని అర్థం కాదు, అవి పెరిగే వేగం తగ్గిందని మాత్రమే. కేంద్ర బ్యాంకుల ముందున్న రెండు విధానాలను వేరుచేసేది ఈ భేదమే. ద్రవ్యోల్బణ లక్ష్య విధానంలో ధరలు ఏటా ఎంత శాతం పెరగవచ్చో నిర్ణయిస్తారు. ధరల స్థాయి లక్ష్య విధానంలో ఏ ఏడాదికి ధరల సూచీ ఎంత ఉండాలో ముందే నిర్దేశిస్తారు.

భారత్ అనుసరిస్తున్నది మొదటి విధానం. 2016లో సవరించిన రిజర్వు బ్యాంకు చట్టం దీనికి ఆధారం. లక్ష్యం 4 శాతం. అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు ఉంది. వరుసగా మూడు త్రైమాసికాలు సగటు ద్రవ్యోల్బణం ఈ హద్దులు దాటితే, కారణాలను, దిద్దుబాటు చర్యలను, లక్ష్యాన్ని తిరిగి చేరే గడువును రిజర్వు బ్యాంకు కేంద్ర ప్రభుత్వానికి నివేదించాలి. 2022 జనవరి నుంచి సెప్టెంబరు వరకు ద్రవ్యోల్బణం 6 శాతం దాటడంతో అదే జరిగింది. అయితే అప్పటికే పెరిగిన ధరలను వెనక్కి తేవాలని చట్టం కోరదు. ఈ విధానంలో గతం గతః.

2021-22 సగటు ధరల సూచీని 100 అనుకుందాం. ఏటా 4 శాతం పెరిగితే 2024-25 నాటికి అది 112.5కు చేరాలి. వాస్తవంలో వినియోగదారుల ధరలు ఆ మూడేళ్లలో వరుసగా 6.7, 5.4, 4.6 శాతం పెరగడంతో సూచీ 117.6కు చేరింది. ద్రవ్యోల్బణం లక్ష్యానికి చేరువైనా, పెరిగిన తేడా మిగిలిపోయింది.

ధరల స్థాయి విధానమైతే ఈ తేడాను బాకీగా లెక్కిస్తుంది. తర్వాతి ఏడాదికి నిర్దేశిత సూచీ 117. అంటే ఒక్క ఏడాదిలోనే బాకీ తీరాలంటే ధరలు సుమారు అర శాతం తగ్గాలి. మూడేళ్లకు విస్తరించినా, ధరల పెరుగుదల ఏటా 2.5 శాతానికి మించరాదు.

చిక్కు ఇక్కడే ఉంది. వర్షాభావం వల్ల కూరగాయల ధరలు పెరిగితే రెపో రేటు పెంచి దిగుబడి పెంచలేరు. రుణాలను ఖరీదు చేసి గిరాకీని అణచడమే మార్గం. దాని భారం ఉపాధిపై, ఉత్పత్తిపై పడుతుంది.

ధరలు లక్ష్యం కన్నా తక్కువగా పెరిగినప్పుడు మాత్రం ఇదే నియమం మేలు చేస్తుంది. రాబోయే ఏళ్లలో ధరలు వేగంగా పెరుగుతాయని ప్రజలు నమ్మితే, వడ్డీ రేట్లు సున్నాకు చేరినా అప్పు చేయడం చౌకవుతుంది, కొనుగోళ్లు పుంజుకుంటాయి. అమెరికా ఫెడరల్ రిజర్వు 2020లో ఈ ఆలోచనను పాక్షికంగా స్వీకరించింది. తక్కువైన ద్రవ్యోల్బణాన్ని మాత్రమే భర్తీ చేస్తామని, ఎక్కువైనదాన్ని కాదని నిర్ణయించింది. 2025లో ఆ పద్ధతిని విరమించుకుంది. ధరల స్థాయినే లక్ష్యంగా ప్రకటించిన దేశంగా 1931లో స్వర్ణ ప్రమాణాన్ని వీడిన స్వీడన్‌ను ఆర్థికవేత్తలు ప్రధానంగా ఉదాహరిస్తారు.