ఆమ్ల ఇసుక నేలకు బయోచార్ ఎంత వేయాలి?

కేరళలోని ఓణాట్టుకర ప్రాంతపు నేలలు ఇసుక నేలలు, ఆమ్ల గుణం ఎక్కువ. ఇలాంటి చోట బయోచార్ మోతాదును నేలకు ఎంత సున్నం కావాలన్న దాన్నిబట్టి లెక్కించాలి.

ఉదాహరణకు, భూసార పరీక్షలో ఎకరాకు 400 కిలోల సున్నం అవసరమని తేలిందనుకుందాం. బయోచార్‌కు ఆమ్లాన్ని తగ్గించే శక్తి సున్నంలో 10 శాతమైతే 4 టన్నులు కావాలి. అందులో 20 శాతం తేమ ఉంటే 5 టన్నులు తూచాలి.

ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 900 టన్నులు. అంటే వేసింది అర శాతం కూడా కాదు. ఆమ్లత్వం తగ్గుతుంది గానీ, నేల నీటిని పట్టి ఉంచే శక్తి పెద్దగా పెరగదు. నీటి కోసమని 2 శాతం, అంటే 18 టన్నులు వేస్తే అది 1,800 కిలోల సున్నంతో సమానం. ఇసుక నేల ఈ మార్పును తట్టుకోలేదు. పీహెచ్ మితిమీరి పెరిగి ఇనుము, జింకు మొక్కకు అందవు. లేత ఆకులు పసుపెక్కడం దీనికి తొలి గుర్తు.

బయోచార్ గుణం ముడిసరుకును బట్టి మారుతుంది. కాబట్టి ముందు కుండీల్లోని మట్టిలో వేర్వేరు మోతాదులు కలిపి, మూడు వారాలు తడిగా ఉంచి పీహెచ్ కొలవాలి.