తక్కువ ఖర్చుతో బ్రాండ్ ప్యాకింగ్

ఆన్‌లైన్‌లో తక్కువ సంఖ్యలో సరుకు అమ్మేవారు, ముద్రించిన పెట్టెలు పెద్ద మొత్తంలో చేయించకుండానే తమ పేరు కొనుగోలుదారుకు గుర్తుండేలా చేసే పద్ధతి ఇది. సాదా గోధుమరంగు అట్టపెట్టె మీద రబ్బరు స్టాంపు వేయడం ఇందులో అన్నిటికన్నా చవక. ఈ అట్ట మీద లేత రంగులు కనబడవు. నలుపో ముదురు నీలమో వాడాలి. ఆరాక బొటనవేలితో రుద్దితే చెరిగే సిరా దారిలో కూడా చెరుగుతుంది.

పెట్టె సైజును బట్టి కూడా ఖర్చు మారుతుంది. మంగళగిరి చీరను ఉదాహరణగా తీసుకోవచ్చు. చాలా కొరియర్ సంస్థలు పొడవు, వెడల్పు, ఎత్తుల సెంటీమీటర్ల లబ్ధాన్ని 5000తో భాగించి, అసలు బరువుకన్నా అది ఎక్కువైతే దానికే రుసుము వేస్తాయి. 30×25×5 పెట్టె 0.75 కిలోలవుతుంది, 35×30×10 పెట్టె 2.1 కిలోలు. చీరకు సరిపోయే చిన్న పెట్టె వాడితే మిగిలే డబ్బే తక్కిన హంగులకు సరిపోతుంది.

చీరను పాత వార్తాపత్రికలో చుట్టకూడదు, సిరా అంటుతుంది. ముద్రలేని పల్చటి కాగితం మేలు. తడిపి అంటించే కాగితపు టేపును పెట్టెతోపాటే రీసైక్లింగ్‌కు వేయవచ్చు. కంపోస్టబుల్ సంచులు చాలావరకు పారిశ్రామిక కంపోస్టు కేంద్రాల్లోనే కుళ్లుతాయి కాబట్టి, ఆ కేంద్రాలు లేని ఊళ్లో ఈ సంచులవల్ల లాభం తక్కువ.

మళ్లీ కొనడానికి ఎక్కువగా తోడ్పడేది లోపలి చీటీ. ఉతికే విధానం, నేసిన ఊరు, వాట్సాప్ నంబరు ఉంటే అది చీరతోపాటు బీరువాలో నిలుస్తుంది. లామినేషన్ చేస్తే రీసైక్లింగ్‌కు పనికిరాదు.